రెండు వాక్యాల మధ్య ఒక కామా

“ఇట్ వాజ్ రైనింగ్, వియ్ స్టేడ్ ఎట్ హోమ్.”

కాంపోజిషన్ నోటుబుక్కులో పిల్లవాడు ఇలా రాస్తే, ఇంగ్లీషు మాష్టారు మధ్యలో ఉన్న కామా చుట్టూ ఎర్రసిరాతో సున్నా చుడతారు. అదే మాటను ఆ పిల్లవాడు లేచి నిలబడి నోటితో చెబితే ఆయనకు తప్పేమీ దొరకదు. కర్త ఉంది, క్రియ ఉంది, కాలం సరిపోయింది, మాటల వరుస కుదిరింది. చెవికి వినబడని ఈ తప్పు కంటికి మాత్రమే కనబడుతుంది. ఇంగ్లీషులో దీన్ని కామా స్ప్లైస్ అంటారు. తమంత తాము నిలబడగల రెండు పూర్తి వాక్యాలను మధ్యలో ‘అండ్’, ‘బట్’, ‘సో’ లాంటి మాటేదీ పెట్టకుండా ఒట్టి కామాతో కలిపేయడమే అది. ఇది వ్యాకరణ దోషమా, లేక రాసేవారి శైలికి సంబంధించిన విషయమా అన్న వాదన ఇంగ్లీషు చదువుల్లో వందేళ్లకు పైగా నడుస్తోంది.

వ్యాకరణం అన్న మాటను భాషాశాస్త్రం వాళ్లు వాడే అర్థంలో తీసుకుంటే జవాబు తేలికగానే దొరుకుతుంది. “హి గో టు మార్కెట్ ఎస్టర్డే” అంటే విన్నవాడికి వెంటనే ఎబ్బెట్టుగా ఉంటుంది. దాన్ని ఏ గుర్తులతో రాసినా తప్పు తప్పుగానే ఉంటుంది. వాన వాక్యం అలా కాదు. దాన్ని పదిమందికి డిక్టేషన్ చెబితే ఒకరు మధ్యలో ఫుల్‌స్టాప్ పెడతారు, ఇంకొకరు సెమికోలన్ పెడతారు, మరొకరు కామాతో సరిపెడతారు. చెప్పిన వాక్యంలో ఏమీ మారలేదు, మారింది కాగితం మీది గుర్తే. కాబట్టి అది వాక్యనిర్మాణంలోని దోషం కాదు.

అయితే వ్యాకరణం కానిదల్లా రాసేవాడి ఇష్టమే అనుకుంటే అదీ పొరపాటు. స్పెల్లింగ్ కూడా ఆ అర్థంలో వ్యాకరణం కాదు. అయినా దరఖాస్తులో స్పెల్లింగ్ తప్పు పోతే దాన్ని శైలి అని ఎవరూ క్షమించరు. వ్యాకరణానికీ శైలికీ నడుమ రాతకంటూ ఒక కట్టుబాటు ఉంది. కామా స్ప్లైస్ ఆ కట్టుబాటుకు సంబంధించిన విషయం. అది ఎక్కడ గట్టిగా బిగుసుకుంటుంది, ఎక్కడ సడలుతుంది అన్నదే అసలు తెలుసుకోవలసింది.

ఈ కట్టుబాటు ఇంగ్లీషుతోపాటు పుట్టింది కాదు. 17, 18 శతాబ్దాల్లో రచయితలు విరామచిహ్నాల గురించి ఇంతగా పట్టించుకునేవారు కారు, ఆ పని చాలావరకు అచ్చు కూర్చేవాళ్ల చేతిలో ఉండేది. జోసెఫ్ మాక్సన్ 1683లో అచ్చుపని మీద రాసిన పుస్తకంలో, రచయిత స్పెల్లింగునూ విరామచిహ్నాలనూ సరిదిద్దడం కంపోజిటర్ బాధ్యతల్లో ఒకటని చెబుతాడు. పైగా ఆ రోజుల్లో చిహ్నాలను ఊపిరితో కొలిచేవారు. బిషప్ రాబర్ట్ లౌత్ 1762లో వేసిన వ్యాకరణంలో లెక్క స్పష్టంగా ఉంది. కామా దగ్గర ఎంతసేపు ఆగుతామో సెమికోలన్ దగ్గర దానికి రెట్టింపు ఆగాలి. కోలన్ దగ్గర దానికీ రెట్టింపు, ఫుల్‌స్టాప్ దగ్గర మళ్లీ రెట్టింపు. సంగీతంలోని స్వరాల నిడివితో ఆయన దీన్ని పోల్చాడు. లఘువుకు ఒక మాత్ర, గురువుకు రెండు మాత్రలు అని లెక్కపెట్టడం అలవాటైన తెలుగు పాఠకుడికి ఈ పద్ధతి కొత్తగా అనిపించదు.

మాత్రలతో కొలిచే ఆ పద్ధతిలో రెండు పొట్టి వాక్యాల మధ్య కామా పెడితే తప్పేముంది? గొంతు అక్కడ కొద్దిగానే ఆగింది, గుర్తు కూడా చిన్నదే పడింది. అందుకే ఆ కాలపు ఇంగ్లీషు ఉత్తరాల్లో, పుస్తకాల్లో ఇలాంటి కామాలు ధారాళంగా కనిపిస్తాయి. వాటిని రాసినవాళ్లు చదువురానివాళ్లేమీ కాదు.

తర్వాతి కాలంలో చిహ్నాల పని మారింది. పైకి చదివేవాడికి ఎంతసేపు ఆగాలో చెప్పడం కన్నా, మౌనంగా చదివేవాడికి వాక్యం ఎక్కడ ముగిసిందో, ఏ ముక్క దేనికి చెందుతుందో చూపించడం వాటి ముఖ్యమైన పని అయింది. పని మారేసరికి కామాకు ఉన్న స్వేచ్ఛా తగ్గింది. ఫుల్‌స్టాప్ అంటే ‘ఇక్కడికి వాక్యం అయిపోయింది’ అని అర్థం, కామా అంటే ‘ఇంకా అవలేదు’ అని. అయిపోయిన చోట అవలేదన్న గుర్తు పెడితే చదివేవాడిని తప్పుదోవ పట్టించినట్టే. 1906లో ఫౌలర్ సోదరులు ‘ద కింగ్స్ ఇంగ్లీష్’లో, కామా ఎక్కడ చాలదో గ్రహించలేకపోవడం చదువు తక్కువైన రచయితను పట్టించే ఆనవాళ్లలో ఒకటని కాస్త కటువుగానే అన్నారు. 1918లో కార్నెల్ విశ్వవిద్యాలయంలో విలియం స్ట్రంక్ తన విద్యార్థుల కోసం అచ్చువేయించిన ‘ది ఎలిమెంట్స్ ఆఫ్ స్టైల్’ అనే చిన్న పుస్తకం దాన్ని ఏకంగా నియమంగా పెట్టింది. స్వతంత్ర వాక్యాలను కామాతో కలపకూడదన్నది అందులో ఐదో నియమం. స్ట్రంక్ దగ్గర చదువుకున్న ఇ.బి. వైట్ 1959లో సవరించి మళ్లీ వేశాక ఆ పుస్తకం అమెరికా అంతటా తరగతి గదుల్లోకి వెళ్లింది.

ఆ ఐదో నియమాన్ని చాలామంది సగమే గుర్తుపెట్టుకున్నారు. దాని కిందే స్ట్రంక్ ఒక మినహాయింపు రాశాడు. వాక్యాలు చాలా పొట్టివై, ఒకే పోతలో ఉంటే సాధారణంగా కామా పెట్టవచ్చని. నియమాన్ని నిలబెట్టినవాడే దానికి వాకిలి కూడా తెరిచి ఉంచాడు. బడిపాఠాల దాకా వచ్చేసరికి నియమం మిగిలింది, మినహాయింపు జారిపోయింది.

ఇంగ్లీషు దాటి చూస్తే ఇది ఆ భాషకు సంబంధించిన కట్టుబాటే తప్ప మనిషి ఆలోచనకు సంబంధించిన సూత్రం కాదని తెలుస్తుంది. జర్మన్‌లో రెండు ప్రధాన వాక్యాలను కామాతో పక్కపక్కన పెట్టడం మామూలు రాత, ఏ పరీక్షలోనూ దానికి మార్కులు పోవు. రష్యన్‌లోనూ అంతే.

తెలుగు సంగతి ఇంకా ఆసక్తికరం, ఎందుకంటే తెలుగువాళ్లు ఇంగ్లీషు రాసేటప్పుడు ఈ కామా ఎందుకంత సులువుగా జారిపడుతుందో అందులోనే తెలుస్తుంది. పదో తరగతి తెలుగు వాచకంలో సంక్లిష్ట వాక్యం, సంయుక్త వాక్యం చదువుకున్నవారికి ఇది గుర్తుండే ఉంటుంది. తెలుగులో వాక్యాలను కలిపే పని చాలావరకు క్రియ తోకే చేస్తుంది. ‘వాన పడి చెరువు నిండింది’లో ‘పడి’, ‘వాన పడితే విత్తుతాం’లో ‘పడితే’, ‘వాన పడినా వెళ్లాడు’లో ‘పడినా’ ఒక్కొక్కటి ఒక్కో సంబంధాన్ని చెబుతాయి. మధ్యలో ఏ గుర్తూ పెట్టకపోయినా అర్థం చెక్కుచెదరదు. అసమాపక క్రియ కనబడగానే చదివేవాడికి వాక్యం ఇంకా ఉందని తెలిసిపోతుంది. సమాపక క్రియలతోనే రాసినా, ‘వానొచ్చింది, బట్టలు తడిశాయి’ అనడం తెలుగులో సహజంగానే ఉంటుంది. రెండు పూర్తి వాక్యాల నడుమ ‘మరియు’ పెడితేనే అనువాదపు వాసన వేస్తుంది.

ఇంగ్లీషు క్రియకు ఈ ‘తే’, ‘నా’ల వంటి తోకలు లేవు. కలిపే మాటైనా ఉండాలి, ఆపే గుర్తైనా ఉండాలి. తెలుగు చెవితో ఇంగ్లీషు రాసేవారు క్రియ తోకను ఎలాగూ వదులుకోవాల్సి వస్తుంది, దాని బదులు రావలసిన మాటను మరిచిపోతారు. చివరికి మిగిలేది కామా ఒక్కటే. “ద షాప్ వాజ్ క్లోజ్డ్, హి వెంట్ హోమ్” అని రాస్తే, షాపు మూసి ఉండడం వల్ల ఇంటికి వెళ్లాడా, షాపు మూసేశాక ఇంటికి వెళ్లాడా అన్నది చదివేవాడు ఊహించుకోవాలి. తెలుగులో అయితే ‘మూసి ఉంటే’ అనో, ‘మూసేశాక’ అనో క్రియే చెప్పేసేది. ఈ నష్టం చిన్నదిగా కనిపించినా పేరా నిండా పేరుకుంటే చదవడం బరువెక్కుతుంది. ఏ వాక్యం దేనికి కారణమో, ఏది దేని ఫలితమో తెలియని రాత తయారవుతుంది.

అసలు చిక్కు ఎక్కడ వస్తుందో చూడాలంటే ఒక ఈ-మెయిల్ ఊహించుకోవచ్చు. ఊళ్లో చిన్న కాంట్రాక్టు పనులు చేసే ఒకాయన బాకీ వసూలు గురించి భాగస్వామికి ఇంగ్లీషులో ఇలా రాశాడనుకుందాం: “వియ్ మెట్ ద మేనేజర్, ఆన్ మండే, హి విల్ సెండ్ ద మనీ.” ఇందులో ప్రతి ముక్కా సరైన ఇంగ్లీషే. కానీ మేనేజర్‌ను కలిసింది సోమవారమా, డబ్బు వచ్చేది సోమవారమా? ‘ఆన్ మండే’కు రెండు పక్కలా కామాలే ఉండడంతో అది ఎటైనా ఒరుగుతుంది. భాగస్వామి రెండో అర్థం తీసుకుని సోమవారం నాటికి డబ్బు వస్తుందన్న ధీమాతో ఎవరికైనా చెక్కు ఇస్తే, నష్టం వ్యాకరణానికి కాదు, బ్యాంకు ఖాతాకు. రాసినాయన ఒకే ఒక్క ఫుల్‌స్టాప్ పెట్టి ఉంటే చాలు. ‘మండే’ తర్వాత పెడితే కలిసింది సోమవారం, ‘మేనేజర్’ తర్వాత పెడితే డబ్బు వచ్చేది సోమవారం.

ఈ చిక్కు ఎక్కువగా కనిపించేది ‘హౌఎవర్’, ‘దేర్‌ఫోర్’, ‘దెన్’ లాంటి మాటల దగ్గర. అవి ‘బట్’, ‘సో’ల్లాగే వినబడతాయి కాబట్టి వాక్యాలను కలుపుతాయని చాలామంది నమ్ముతారు. నిజానికి అవి క్రియావిశేషణాలు, వాక్యంలో అటూ ఇటూ తిరగగలవు. “ద రోడ్ ఈజ్ వైడ్, హౌఎవర్, ద బస్ డజ్ నాట్ కమ్” అన్న వాక్యాన్ని చూడండి. ‘అయినా బస్సు రాదు’ అని చదవొచ్చు. అంతకుముందు ఊరు చిన్నదని రాసి ఉంటే, ‘రోడ్డు మాత్రం వెడల్పే’ అని వెనక్కి కలిపి కూడా చదవొచ్చు. ‘బట్’ ఇలా వెనక్కి ఒరగదు, దాని చోటు రెండు వాక్యాల నడుమ స్థిరం. అందుకే ‘బట్’ ముందు కామా సరిపోతుంది, ‘హౌఎవర్’ ముందు ఫుల్‌స్టాపో సెమికోలనో కావాలి. కామా స్ప్లైస్‌లలో అన్నింటికన్నా తక్కువ సానుభూతి పొందేది ఇదే. ఇది ఆఫీసు రాతల్లో, పరిశోధన పత్రాల్లో కనిపిస్తే శైలి అని సమర్థించడానికి ఆస్కారం లేదు.

ఇక రెండో కొసకు వెళితే, కామా తప్ప మరే గుర్తూ నప్పని చోట్లు ఉన్నాయి. వచ్చాను, చూశాను, గెలిచాను అన్న జూలియస్ సీజర్ మూడు పూర్తి వాక్యాల మాటను ఇంగ్లీషులో ఎక్కువగా కామాలతోనే అచ్చువేస్తారు. ఫుల్‌స్టాపులు పెడితే ఆ మాటలోని ఊపు విరిగిపోతుంది. “ఇట్స్ నాట్ ఎ డాగ్, ఇట్స్ ఎ వుల్ఫ్” అని, అది కుక్క కాదు, తోడేలు అని చెప్పే తరహా వాక్యాన్ని కఠినంగా ఉండే సంపాదకులు కూడా చాలాసార్లు వదిలేస్తారు. మొదటి సగం ఒక దాన్ని కాదంటుంది, రెండో సగం అవునన్నది చెబుతుంది, రెండూ కలిస్తేనే మాట పూర్తవుతుంది. కథల్లో పాత్రల సంభాషణకూ ఇదే వెసులుబాటు. ఆత్రంగా మాట్లాడే మనిషి నోట సెమికోలన్ పెడితే ఆ మనిషే మారిపోతాడు.

ఇలాంటి చోట్ల పనికొచ్చే కొలత మళ్లీ చెవి దగ్గరే ఉంది. రెండు వాక్యాలనూ పైకి చదివితే మొదటి దాని చివర గొంతు కిందికి దిగిందా, లేక రెండో దాని కోసం అలాగే నిలిచి ఉందా? ‘ఇట్స్ నాట్ ఎ డాగ్’ చివర గొంతు దిగదు. వినేవాడికి ఇంకా ఏదో రాబోతోందని తెలుస్తూనే ఉంటుంది. అక్కడ కామా నిజమే చెబుతోంది. “ద కమిటీ అప్రూవ్డ్ ద బడ్జెట్, ద నెక్స్ట్ మీటింగ్ విల్ బి ఇన్ జూన్” అన్నచోట గొంతు పూర్తిగా దిగిపోతుంది. బడ్జెట్‌ను ఆమోదించడానికీ, తర్వాతి సమావేశం జూన్‌లో జరగడానికీ పెద్ద సంబంధం లేదు. అక్కడ కామా అబద్ధం చెబుతోంది.

పేరున్న రచయితలు ఈ కామాను తెలిసే వాడారు. చార్లెస్ డికెన్స్ 1859లో వెలువరించిన ‘ఎ టేల్ ఆఫ్ టూ సిటీస్’ మొదటి వాక్యం ఒక కాలంలోని పరస్పర విరుద్ధ లక్షణాలను వరసగా పొట్టి వాక్యాల్లో చెబుతూ, ప్రతి దాని తర్వాత కామా మాత్రమే పెట్టుకుంటూ పోతుంది. ప్రతి ముక్కా ఒకే పోతలో మొదలవుతుంది కాబట్టి పాఠకుడు ఎక్కడా తడబడడు. స్ట్రంక్ తర్వాత చెప్పిన మినహాయింపులో అది అచ్చంగా ఇమిడిపోతుంది. శామ్యూల్ బెకెట్ ఇంకా ముందుకు వెళ్లాడు. ‘ది అన్‌నేమబుల్’ నవల చివరిభాగంలో కామాలతో తెగని వాక్యం పేజీలకు పేజీలు నడుస్తుంది. ఆగడం చేతకాని ఒక గొంతును వినిపించడమే అక్కడ ఆయన ఉద్దేశం, ఫుల్‌స్టాప్ పెడితే ఆ గొంతుకు ఊపిరి అందిపోతుంది.

విరామచిహ్నాల మీద 2003లో ‘ఈట్స్, షూట్స్ అండ్ లీవ్స్’ రాసి విస్తారంగా పాఠకులను సంపాదించుకున్న లిన్ ట్రస్, బెకెట్‌తో పాటు ఇ.ఎం. ఫార్‌స్టర్, సోమర్‌సెట్ మామ్ వంటివారి పేర్లు చెప్పి, పేరున్నవాళ్లే ఈ పని చేయాలన్న అన్యాయమైన నియమం తేలుతోందని అన్నారు. ఆమె పరిశీలన నిజమే అయినా, కారణం పేరులో లేదనిపిస్తుంది. డికెన్స్ కామాలను పేరు తీసేసి చూపించినా అవి నిలబడతాయి, బడ్జెట్ వాక్యం కింద ఎంత గొప్ప పేరు రాసినా నిలబడదు. 1989లో వచ్చిన మెరియం-వెబ్‌స్టర్ వారి వాడుక నిఘంటువు సలహా ఇంకా పనికొచ్చేదిగా ఉంది. ఈ కామాతో ఏం సాధించదలచుకున్నారో బాగా తెలిస్తే తప్ప దాని జోలికి పోకపోవడం మేలని అది చెబుతుంది.

సరిదిద్దే పద్ధతులు చాలా ఉన్నా, ఒక్కొక్కటి వాక్యానికి ఒక్కో రంగు ఇస్తుంది. మూసిన షాపు వాక్యాన్నే తీసుకుంటే, మధ్యలో ఫుల్‌స్టాప్ పెడితే రెండు సంఘటనలు వేరువేరుగా నిలబడతాయి, ఒక చిన్న నిశ్శబ్దం వస్తుంది. ‘సో’ పెడితే కారణం ఫలితం తేటపడతాయి. ముందు ‘ఆఫ్టర్’ చేర్చి “ఆఫ్టర్ ద షాప్ క్లోజ్డ్, హి వెంట్ హోమ్” అంటే సమయం తేలుతుంది, కామా కూడా తన చోట హక్కుగా నిలుస్తుంది, ఎందుకంటే మొదటి ముక్క ఇప్పుడు ఒంటరిగా నిలబడలేదు. సెమికోలన్ పెడితే సంబంధం ఉందని తెలుస్తుంది గాని, ఏ సంబంధమో చెప్పదు. 15వ శతాబ్దం చివర వెనిస్‌లో ఆల్డస్ మనూషియస్ ముద్రణాలయంలో పుట్టిన ఆ గుర్తు కామాకూ కోలన్‌కూ నడిమి విరామం కోసమే వచ్చింది. ఇంగ్లీషు బడుల్లో తెలుగు పిల్లలకు దాన్ని సరిగ్గా నేర్పకపోవడం వల్లే కామా మీద ఇంత భారం పడుతోందని అనుకోవడానికి గట్టి కారణమే ఉంది.

పరీక్షల దగ్గర మాత్రం ఈ సూక్ష్మాలకు చోటు తక్కువ. అమెరికా కాలేజీల్లో డిగ్రీకి వెళ్లే విద్యార్థులు రాసే శాట్‌లో వాక్యాల సరిహద్దులను పరీక్షించే ప్రశ్నలు ప్రత్యేకంగా ఉంటాయి. ఒక ఖాళీ ఇచ్చి అక్కడ కామా పెట్టాలా, సెమికోలన్ పెట్టాలా, కామాతో పాటు కలిపే మాట పెట్టాలా, ఏమీ పెట్టకూడదా అని నాలుగు జవాబులు ఇస్తారు. ఖాళీకి రెండు వైపులా పూర్తి వాక్యాలే ఉంటే ఒట్టి కామా ఉన్న జవాబు తప్పు, అక్కడ డికెన్స్ సాయానికి రాడు. ఐఇఎల్‌టిఎస్ రాతపరీక్షలో వ్యాకరణ విస్తృతి, కచ్చితత్వం అన్నది నాలుగు సమానమైన కొలమానాల్లో ఒకటి, విరామచిహ్నాలను కూడా అందులోనే చూస్తారు. వ్యాసంలో ఒకచోట కామా జారితే బ్యాండ్ పడిపోదు. ప్రతి పేరాలోనూ జారుతుంటే, వాక్యం ఎక్కడ ముగుస్తుందో అభ్యర్థికి తెలియదని పరీక్షకుడు నిర్ణయించుకుంటాడు.

రాసింది చూసుకునే పద్ధతి కష్టమైంది కాదు. అనుమానం వచ్చిన కామా దగ్గర ఆగి, ఎడమవైపు ముక్కను ఒక్కదాన్నే చదవాలి, తర్వాత కుడివైపు ముక్కను. రెంటిలో ఒకటైనా ఒంటరిగా నిలబడకపోతే ఆ కామా కామా స్ప్లైస్ కాదు. రెండూ నిలబడితే కుడి ముక్క మొదట్లో ‘అండ్’, ‘బట్’, ‘సో’, ‘ఆర్’ లాంటి మాట ఉందేమో చూడాలి. ఉంటే కామా చాలు. అక్కడ ‘హౌఎవర్’ గాని ‘దేర్‌ఫోర్’ గాని ఉంటే కామాను తప్పకుండా మార్చాలి. ఏ మాటా లేకపోతే అప్పుడు పొట్టితనం, పోత, గొంతు దిగడం చూసుకోవాలి. అవి కుదిరినా, రాస్తున్నది వీసా ఆఫీసుకో విశ్వవిద్యాలయానికో పంపే ఉత్తరమైతే ఫుల్‌స్టాప్ పెట్టడమే క్షేమం, ఎందుకంటే ఆ కామా తెలిసి పెట్టిందో తెలియక పెట్టిందో అవతలి బల్ల దగ్గర కూర్చున్న మనిషికి తెలిసే దారి లేదు.